రాళ్ల హారం అమ్మబోతే 13 గ్రాములు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: 2012లో మా అమ్మ వాళ్లు నాకు కెంపుల హారం చేయించారు. కింద రాళ్ల పతకం, పైన వరుసగా గుండ్లు ఉంటాయి. బిల్లులో మొత్తం బరువు 68.500 గ్రాములు, రాళ్లు 5.500, నికర బరువు 63.000 అని, 916 బంగారం అని రాసి ఉంది. నగ మీద మాత్రం హాల్‌మార్క్ లేదు. ఇప్పుడు మా అమ్మాయి పెళ్లికి దీన్ని మార్చి కొత్త నగలు తీసుకుందామని కొన్న షాపుకే వెళ్లాను. రాళ్లు, లక్క కలిపి 13 గ్రాములు తీసేస్తామని, 20 క్యారెట్ల లెక్క కడతామని అన్నారు. మరో షాపులో 22 క్యారెట్లే కడతామన్నారు గానీ 17 గ్రాములు తీసేస్తామన్నారు. ఎవరిని నమ్మాలి? మేము మోసపోయామా? – ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, ఆ హారాన్ని ప్రస్తుతానికి ఏ షాపులోనూ ఇవ్వకండి. రాళ్లు ఊడదీయనివ్వకండి. బిల్లు అసలు ప్రతిని ఇంట్లో దాచి, జిరాక్సు మాత్రమే చేతిలో పెట్టుకుని తిరగండి. మీ దగ్గరున్న అతి విలువైన ఆధారం ఆ కాగితమే. ఎందుకో కింద చెబుతాను.

ముందు ఆ 13 గ్రాముల సంగతి చూద్దాం. బిల్లులో రాళ్లకు వేసిన 5.500 గ్రాములు తప్పుడు అంకె కాకపోవచ్చు. ఇంట్లో కూర్చుని హారంలోని కెంపులు లెక్కపెట్టండి. నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి కెంపు సుమారు మూడో వంతు క్యారెట్ తూగుతుంది. రాళ్ల బరువులో క్యారెట్ అంటే 0.2 గ్రాము కాబట్టి, ఒక్కో కెంపు 0.07 గ్రాము దరిదాపుల్లో ఉంటుంది. అలాంటివి 80 ఉంటే 5.6 గ్రాములు. రాళ్లు పెద్దవైతే సంఖ్య తక్కువ, చిన్నవైతే ఎక్కువ. ఈ అంచనా బిల్లుకు దగ్గరగా వస్తే షాపువారు రాళ్లను నిజాయితీగానే తూచారన్నమాట. బిల్లులో లేనిది లక్క.

మన ప్రాంతంలో కెంపులు తాపే పాత పద్ధతిలో రాయి వెనుక భాగం మూసి ఉంటుంది. గూడులో లక్క నింపి, దాని మీద రాయిని కూర్చోబెట్టి, చుట్టూ అంచు నొక్కుతారు. లక్క రాయిని కదలకుండా పట్టుకుంటుంది, పల్చటి బంగారు రేకు నొక్కుకుపోకుండా కాపాడుతుంది. గుండ్లు కూడా అంతే. పలుచని రేకుతో చేసిన బోలు గుండు చిన్న దెబ్బకే సొట్టపోతుంది కాబట్టి లోపల లక్క పోస్తారు. పనితనం దృష్టితో చూస్తే ఇందులో దోషమేమీ లేదు. లక్క లేకపోతే ఆ హారం ఇన్నేళ్లు నిలిచేది కాదు. దోషం బిల్లు రాయడంలో ఉంది. రాళ్ల బరువు తీసేసి, లక్క బరువును బంగారం ఖాతాలో వదిలేశారు. 63 గ్రాములు నికర బంగారం అని మీ అమ్మగారు డబ్బు కట్టారు. అందులో కొన్ని గ్రాములు లక్క.

అయితే 13 గ్రాములు సరైన అంకా, 17 సరైనదా? దీన్ని కొంతవరకు మీరే పసిగట్టవచ్చు. లక్క చాలా తేలిక. ఒక గ్రాము శుద్ధమైన లక్క దాదాపు ఒక మిల్లీలీటరు చోటు ఆక్రమిస్తుంది. అదే చోట 22 క్యారెట్ల బంగారం పోస్తే 17 గ్రాముల పైన తూగుతుంది. అంటే ఒక నగలో లక్క ఎక్కువ ఉందని ఎవరైనా చెబితే, అది పట్టడానికి ఆ నగలో తగినంత బోలు ఉండాలి. మొదటి షాపు లెక్కలో 13 నుంచి రాళ్ల 5.5 తీసేస్తే లక్క 7.5 గ్రాములు. అది సుమారు ఒకటిన్నర టీ స్పూను. రెండో షాపు లెక్కలో 11.5 గ్రాములు, అంటే రెండు స్పూన్లకు పైనే. మీ హారంలో గుండు ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. లోపల పావు మిల్లీలీటరు పడుతుంది. అలాంటి గుండ్లు 30 ఉంటే ఏడు మిల్లీలీటర్ల పైన, పతకం గూళ్లలో ఇంకో ఒకటి. కాబట్టి ఏడెనిమిది గ్రాముల లక్క నమ్మదగిన మాటే. 11.5 అంటే కొంచెం సాగదీసినట్టుంది. అయితే కంసాలులు లక్కలో ఇటుక పొడి వంటివి కలుపుతారు, అప్పుడు అదే చోటుకు బరువు పెరుగుతుంది. అందుకే ఈ లెక్కతో గ్రాములు తేల్చలేం. అసంభవమైన అంకెను మాత్రం పట్టుకోగలం. గుండ్లు లేని, రాళ్ల వెనుక తెరిచి ఉన్న సన్నని నెక్లెసుకు పది గ్రాముల లక్క అంటే నిలదీయవచ్చు. మీ హారానికి అలా నిలదీసే వీలు లేదు.

కొనే షాపు ఎందుకు ఎక్కువ తీస్తుందో కూడా తెలుసుకోవాలి. మూసి ఉన్న నగలో ఎంత లక్క ఉందో ఎవరికీ కనిపించదు. కరిగించాక అనుకున్న దానికన్నా బంగారం తక్కువ వస్తే నష్టం వాళ్లది, ఎక్కువ వస్తే లాభం వాళ్లది. కాబట్టి తెలియని ప్రతి చోటా అంచనాను తమవైపు ఒరిగిస్తారు. అమ్మేటప్పుడు లక్కే కనిపించని వ్యాపారానికి, కొనేటప్పుడు అదే లక్క గుండు గుండులోనూ కనిపిస్తుంది. నాకు కోపం తెప్పించేది ఈ భాగమే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇద్దరిలో ఎవరు నయం అన్నది. తీసివేత ఒక్కటే చూస్తే మొదటి షాపు మేలనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. సులువు కోసం 22 క్యారెట్ల గ్రాము ధర 10,000 రూపాయలు అనుకోండి. రెండో షాపు 68.5లో 17 తీసేస్తే మిగిలేది 51.5 గ్రాములు. పూర్తి ధర కడితే 5,15,000 రూపాయలు. మొదటి షాపు 13 తీసేస్తే 55.5 గ్రాములు మిగులుతాయి. కానీ 20 క్యారెట్లంటే గ్రాముకు 9,091 రూపాయలే వస్తాయి. మొత్తం సుమారు 5,04,500. నాలుగు గ్రాములు తక్కువ తీసేసిన షాపే పదివేలు తక్కువ ఇస్తోంది. బరువులో ఉదారంగా కనిపించినవారు స్వచ్ఛతలో కోసుకున్నారు. ఇక ముందు ఎక్కడికెళ్లినా నికర బరువు, స్వచ్ఛత, గ్రాముకు కట్టే ధర, ఈ మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. మూడింటినీ కలిపి వచ్చే మొత్తమే పోల్చదగినది. ఒక అంకె బాగుందని మిగతా రెండూ అడగకుండా వదలకండి.

ఆ 20 క్యారెట్ల మాట ఎలా వచ్చిందో కూడా అడగండి. క్యారెట్ మీటరులో పెట్టి చూశారా, కంటితో చూసి చెప్పారా? ఆ యంత్రం నగ పైపొరను మాత్రమే చదువుతుంది. రాళ్ల హారంలో గూళ్లు, కొక్కేలు, గుండ్ల అతుకులు అన్నీ టంకంతో అతికించినవే. టంకంలో బంగారం శాతం తక్కువ కాబట్టి అతుకు మీద పెట్టి చదివితే 20 క్యారెట్లు చూపించడం వింత కాదు. పతకం వెనుక నున్నటి రేకు మీద, ఒక గుండు మధ్యభాగం మీద, గొలుసు మీద వేర్వేరుగా చదివించండి. అన్ని చోట్లా తక్కువే చూపిస్తే బంగారమే తక్కువదని అనుకోవాలి. ఒక్క చోట మాత్రమే పడిపోతే అది అతుకు. ఎక్కువ టంకం ఉన్న నగ మొత్తం కరిగిస్తే సగటు 916 కన్నా కొంచెం దిగుతుంది, అది సహజం. కానీ 916 నుంచి 833కు, అంటే 20 క్యారెట్లకు దిగడం అతుకుల వల్ల అయ్యే పని కాదు.

మీకు హాల్‌మార్క్ లేకపోవడం ఇక్కడ దెబ్బ తీస్తుంది. 2012లో హాల్‌మార్కింగ్ ఉండేది గానీ తప్పనిసరి కాదు. 2021 జూన్ 23 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య లేని నగ అమ్మకూడదన్నారు. దానికీ ఒక హద్దు ఉంది. హాల్‌మార్క్ స్వచ్ఛత గురించి హామీ ఇస్తుంది, లక్క బరువు గురించి ఏమీ చెప్పదు. పైగా కుందన్, పోల్కీ, జడావు నగలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. రాళ్లు, లక్క అత్యధికంగా ఉండే నగలు అవే. కాబట్టి ముద్ర ఉంది కదా అని ఏ రాళ్ల నగ నికర బరువునూ నమ్మనక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మొదట బిల్లు జిరాక్సు పట్టుకుని కొన్న షాపుకే మళ్లీ వెళ్లండి. కౌంటరు దగ్గర కాదు, యజమానితోనో మేనేజరుతోనో మాట్లాడండి. ‘ఈ నగలో 63 గ్రాముల 916 బంగారం ఉందని రాసి సంతకం చేసింది మీరే. అదే బరువుకు, అదే స్వచ్ఛతకు తిరిగి తీసుకోండి’ అని అడగండి. చాలా షాపులు తాము అమ్మిన నగకు తమ బిల్లులోని నికర బరువునే లెక్కిస్తాయి, ముఖ్యంగా నగదు అడగకుండా కొత్త నగ తీసుకునేటప్పుడు. పేరు చెడగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. మీరు ఎలాగూ మార్పిడికే వెళ్తున్నారు కాబట్టి మీకు ఇక్కడ బలం ఎక్కువ. కొత్త నగల మీద వాళ్లకు తరుగు, మజూరీ వస్తాయి, ఆ బేరం పోగొట్టుకోరు. పూర్తి 63 ఒప్పుకోకపోయినా, 20 క్యారెట్ల మాటను మాత్రం 916 అని రాసిన బిల్లు ముందు నిలబెట్టుకోలేరు. అది ఒక్కటి తీసేసినా 55.5 గ్రాములకు 5,55,000 రూపాయలవుతుంది. ఒక్క మాటతో యాభై వేలు.

వాళ్లు అస్సలు దిగిరాకపోతే, వాళ్ల తీసివేతలు రాసిన కాగితం ఒకటి తీసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి వివాదకారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. 2012 నాటి కొనుగోలు కాబట్టి గడువు ఎప్పటి నుంచి లెక్కించాలన్న దగ్గరే వాదన మొదలవుతుంది. పెళ్లి పనుల మధ్య ఆ దారి మీకు త్వరగా డబ్బు తెచ్చిపెట్టదు. షాపును మెత్తబరచడానికి ఆ ఫిర్యాదు పనికొస్తుందేమో చూడండి.

ఈలోపు ఇంకో చిన్న పని. ఈ హారాన్ని ఎప్పుడైనా బ్యాంకులో తాకట్టు పెట్టారా? పెట్టి ఉంటే ఆ రుణపత్రంలో మొత్తం బరువు, నికర బరువు రాసి ఉంటాయి. బ్యాంకు అప్రైజరు మీ నగను కొనడు కాబట్టి అతనికి బేరంలో లాభం లేదు, అయితే బ్యాంకు నష్టపోకూడదని కొంచెం ఎక్కువే తీసేస్తాడు. కాబట్టి అతను రాసిన నికర బరువు కంటే అసలు బంగారం తక్కువ ఉండే అవకాశం తక్కువ. ఏ షాపైనా అంతకన్నా తగ్గిస్తే ఆ కాగితం చూపించవచ్చు. 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రుణమిచ్చే సంస్థలు రాళ్లు, లక్క, దారం, కొక్కేల కోసం తీసేసిన బరువును ధ్రువపత్రంలో చూపించాలి. తాకట్టు పెట్టేటప్పుడు ఆ ప్రతి అడిగి తీసుకుని నగతోపాటు భద్రపరచుకోవాలి.

కొన్న షాపుతో పొసగకపోతే మిగిలిన మార్గం, ఎదురుగా కూర్చుని రాళ్లు తీయించి కరిగించడం. అంచనాల గొడవ అక్కడితో ముగుస్తుంది, కానీ హారం కూడా ముగిసిపోతుంది. అమ్మ పెట్టిన నగ కదా, దాన్ని ముద్దగా చూడటానికి మనసు ఒప్పుకుంటుందో లేదో ముందే తేల్చుకోండి. ఒప్పుకుంటే ఇలా చేయించండి. మొదట హారాన్ని మీ కళ్ల ముందు తూయించి, స్కేలు మీద అంకె కనిపించేలా ఫోటో తీసుకోండి. కంసాలి రాళ్లు ఊడదీశాక వాటిని విడిగా ఒక పొట్లంలో వేసి తూయించండి. లక్క వేడికి త్వరగా మెత్తబడి కారుతుంది, మిగిలింది మంటలో కాలిపోతుంది. అందువల్ల లక్కను విడిగా తూచే వీలుండదు, మొత్తంలోంచి రాళ్లు, శుభ్రం చేసిన బంగారం తీసేస్తే వచ్చే తేడానే దాని బరువు. గుండ్లను కోసి, లోపల లక్క పూర్తిగా పోయాకే కరిగించాలి. ముద్ద చల్లారాక తూయించి, దాని మీద క్యారెట్ మీటరు పెట్టించండి. కరిగిన ముద్దలో అతుకుల బంగారం అంతా కలిసిపోతుంది కాబట్టి ఈసారి వచ్చే అంకె నమ్మదగినది. కరిగించే ముందే రెండు విషయాలు రాయించుకోండి: కరిగింపు ఖర్చు ఎంత, ధర నచ్చకపోతే ముద్దను మీరు తీసుకెళ్లవచ్చా లేదా. రెండోదానికి ఒప్పుకోని చోట అసలు కరిగించకండి.

అలా చేశాక 54.2 గ్రాముల ముద్ద, స్వచ్ఛత 905 వచ్చిందనుకుందాం. 54.2ను 905తో గుణించి 916తో భాగిస్తే 53.55 గ్రాముల 916 బంగారంతో సమానం. మనం అనుకున్న ధరకు సుమారు 5,35,500 రూపాయలు. రెండో షాపు ఇస్తానన్న దానికన్నా ఇరవై వేలు ఎక్కువ, కొన్న షాపు చెప్పిన దానికన్నా ముప్పై వేలు ఎక్కువ. ఫలితం అటూ ఇటూ మారవచ్చు. ముద్ద 51 గ్రాములే వస్తే రెండో షాపు బేరమే మెరుగయ్యేది. అందుకే గుండ్లు, గూళ్లలో ఎంత లక్క పడుతుందో ముందే లెక్క వేసి చూపించాను, మీరూ మీ హారానికి అలాగే వేసుకోండి. రాళ్లతో కలిపి ఆ అంచనా 17కు దగ్గరగా ఉంటే కరిగించే సాహసం వద్దు, రెండో షాపుకే ఇచ్చేయండి.

ఇక మోసపోయామా అన్న మాటకు వస్తాను. పై ఉదాహరణలో బిల్లు 63 అంటే, ఉన్నది 54.2. తేడా 8.8 గ్రాములు. 2012లో 22 క్యారెట్ల గ్రాము 2,800 రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఆ లెక్కన మీ అమ్మగారు లక్కకు కట్టింది దాదాపు 24,600 రూపాయలు. దాని మీద తరుగు శాతం, పన్ను కూడా పడి ఉంటాయి. కానీ ఆ డబ్బు నిజంగా బంగారంలో ఉండి ఉంటే మనం అనుకున్న ధరకు ఈనాడు 88,000 అయ్యేది. మీకు తగిలిన దెబ్బ అది, దాన్ని దెబ్బగానే లెక్కించండి. రాళ్లకు బిల్లులో విడిగా వేసిన ధర కూడా పోయినట్టే. ఇలాంటి హారాల్లోని కెంపులు ఎక్కువ భాగం కృత్రిమంగా చేసినవి, వాటికి మారు బేరం ఉండదు. సహజమైనవే అయినా బంగారం షాపు వాటికి ధర కట్టదు. తరుగు, మజూరీ, పన్ను ఏ నగకైనా తిరిగి రావు, కాకపోతే రాళ్ల పని ఎక్కువ కాబట్టి వీటికి తరుగు శాతం సాదా నగల కన్నా ఎక్కువ వేస్తారు. అంటే ఎక్కువ శాతాన్ని, లక్క కూడా కలిసిన బరువు మీద కట్టారు.

అమ్మాయికి తీసుకునే నగల విషయంలో ఇది తిరగబడకుండా చూసుకోండి. పాత హారం బరువు గురించి గట్టిగా బేరమాడి, అదే గంటలో కొత్త రాళ్ల నెక్లెసు బిల్లులో లక్క ప్రస్తావన లేకుండా సంతకం పెట్టి వచ్చేవాళ్లు చాలామంది. బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, లక్క లేదా మైనం బరువు, నికర బరువు నాలుగూ ఉండాలి. రాళ్లు తాపకముందు వాటిని తూచే ఇస్తారు, లక్క పోసే ముందు బంగారు గూళ్లను కూడా తూస్తారు. కాబట్టి చేయించిన షాపు దగ్గర ఆ అంకెలు ఉంటాయి, తెలియదనడానికి వీల్లేదు. నికర బరువు పక్కనే ‘తిరిగి తీసుకునేటప్పుడు ఇదే నికర బరువు లెక్కిస్తాం’ అని రాయించి ముద్ర వేయించండి. ఒప్పుకోకపోతే తమ అంకెను తామే నమ్మడం లేదని అర్థం. ఆ నగ పక్కన పెట్టి వెనుక తెరిచి ఉన్న, గుండ్లు లేని నగ చూడండి. దానిలో రాళ్లు లెక్కపెట్టుకోవచ్చు, లక్క ఉండదు, రేపు ఎవరు తూచినా తేడా కొద్దిగానే వస్తుంది. పెళ్లికి రాళ్ల నగ ఒకటి ముచ్చటగా తీసుకుని, మిగిలిన బంగారాన్ని సాదా గాజులుగానో గొలుసుగానో మార్చుకోవడం నేనైతే మేలంటాను.

హారం ఏ షాపుకు ఇచ్చినా సరే, ఊడదీసిన కెంపులు అడిగి తీసుకోండి. బరువులోంచి తీసేసి ధర కట్టలేదు కాబట్టి అవి మీవే, వాళ్లవి కావు. చాలామంది కౌంటరు మీదే వదిలేసి వస్తారు. పాత కెంపుల రంగు నచ్చితే అవే రాళ్లను అమ్మాయి కమ్మలకు, వెనుక తెరిచే పద్ధతిలో తాపించవచ్చు. ఆ కమ్మలు చేసే కంసాలికి రాళ్లు ఎన్ని ఇచ్చారో, ఎంత తూగాయో రాసి సంతకం తీసుకుని మరీ ఇవ్వండి.